అమ్మేసిన జనరేటర్ లెక్కల్లోంచి పూర్తిగా వెళ్లేదాకా: నా అనుభవం

వరంగల్ శివారులోని ఒక జిన్నింగ్ మిల్లుకు నేను లెక్కలు చూస్తాను. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2024 డిసెంబర్ 31న ఆ మిల్లు తన 250 కేవీఏ డీజిల్ జనరేటర్‌ను కరీంనగర్‌లోని ఒక వ్యాపారికి అమ్మింది. ధర 12,50,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ వేరు. పత్తి సీజన్‌లో అన్ని జిన్నులూ ఒకేసారి నడిస్తే పాత సెట్టు లోడు మోయలేకపోతోంది కాబట్టి పెద్దది తెచ్చుకున్నారు. కొత్తది నడవడం మొదలైన రోజే పాతది లారీ ఎక్కింది.

లెక్కలు నా దగ్గరికి వచ్చేసరికే ట్యాలీలో అమ్మకం ఎంట్రీ పడి ఉంది. కొన్న వ్యాపారి ఖాతాకు డెబిట్, జనరేటర్ ఖాతాకు 12,50,000 క్రెడిట్, మిగతాది జీఎస్టీ ఖాతాలకు. బిల్లు మొత్తం సరిపోయింది, ట్రయల్ బ్యాలెన్స్ కూడా కలిసింది. అయినా ఆ ఎంట్రీ తప్పు. చిన్న మిల్లుల లెక్కల్లో ఫిక్స్‌డ్ అసెట్ అమ్మిన ప్రతిచోటా నాకు ఎక్కువగా కనిపించేది ఈ తప్పే. అందుకే మొదట్నుంచి ఎలా సరిచేశానో అంకెలతో సహా రాస్తున్నాను.

తప్పు ఎక్కడుందో చూడాలంటే ఒక యంత్రం లెక్కల్లో ఎన్ని చోట్ల ఉంటుందో గుర్తుంచుకోవాలి. కొన్నప్పటి ఖరీదు ఆస్తి ఖాతాలో డెబిట్‌గా ఉంటుంది. అది కదలదు. ఏటేటా వేసే తరుగుదల వేరే ఖాతాలో, పోగైన తరుగుదల ఖాతాలో, క్రెడిట్‌గా పేరుకుంటూ పోతుంది. ఈ రెండింటి తేడాయే పుస్తక విలువ. యంత్రం గేటు దాటిందంటే ఈ రెండు ఖాతాల్లోంచీ దానికి సంబంధించిన మొత్తం పోవాలి. అమ్మిన ధరకు ఆస్తి ఖాతాతో అసలు సంబంధమే లేదు. ధరను తీసుకెళ్లి ఆస్తి ఖాతాలో క్రెడిట్ చేస్తే, ఖరీదులో ధర పోగా మిగిలింది అక్కడే ఉండిపోతుంది, పోగైన తరుగుదల తన ఖాతాలో తాను ఉండిపోతుంది. లేని జనరేటర్ బ్యాలెన్స్ షీటులో ఉన్నట్టే కనిపిస్తుంది.

కాబట్టి మొదట ఆ ఎంట్రీని తీసేసి, ఫిక్స్‌డ్ అసెట్ రిజిస్టర్ ముందు పెట్టుకున్నాను.

రిజిస్టర్‌లో జనరేటర్ వరుస ఇలా ఉంది. 2020 అక్టోబర్ 1న కొన్నారు, అదే రోజు వాడకంలోకి వచ్చింది. బిల్లు ధర జీఎస్టీ కాకుండా 20,00,000. లారీ కిరాయి, క్రేన్, కాంక్రీటు ఫౌండేషన్, కేబుల్ పనికి 1,60,000. మొత్తం ఖరీదు 21,60,000. జీఎస్టీ 3,60,000కు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నారు కాబట్టి అది ఖరీదులో కలవలేదు. ఈ విషయం మొదటే రూఢి చేసుకోవాలి. క్రెడిట్ తీసుకోకుండా జీఎస్టీని ఖరీదులో కలిపి ఉంటే తీసేయాల్సిన ఖరీదు మారుతుంది, జీఎస్టీ లెక్క కూడా మారుతుంది.

ఆ ఒక్క వరుసతో పని అయిపోతుందనుకుంటే అక్కడే దెబ్బతింటాం. పెద్ద యంత్రానికి తర్వాత చేర్చిన భాగాలు రిజిస్టర్‌లో వేరే సంవత్సరం కింద, వేరే పేరుతో ఉంటాయి. నేను 2020 నుంచి వచ్చిన అడిషన్లన్నీ వరసగా చదివాను. 2022 అక్టోబర్ 1 కింద 'ఏఎంఎఫ్ ప్యానల్, 1,56,000' అని ఒకటి దొరికింది. కరెంటు పోగానే జనరేటర్‌ను దానంతటదే స్టార్ట్ చేసే ప్యానల్ అది. అది మిల్లులోనే ఉందా, జనరేటర్‌తో పోయిందా అన్నది కాగితం చూస్తే తెలియదు. స్టోర్ చూసే ఆయన్ని అడిగాను.

"ప్యానల్ సుత ఆళ్లే పట్కపోయిండ్రు సార్. గోడకు బోల్టుల తొర్రలే మిగిలినయ్" అన్నాడు.

వెళ్లి చూశాను, నిజమే. అమ్మకం బిల్లులోనూ 'ప్యానల్‌తో సహా' అని ఉంది. ఫౌండేషన్ మాత్రం నేలలోనే ఉండేది, కానీ కొత్త సెట్టుకు పెద్ద దిమ్మె కావాలని దాన్ని పగలగొట్టారు. దిమ్మె అలాగే ఉండిపోయినా దానితో ఇక పని లేకపోతే దాని విలువను కూడా తీసేయాల్సిందే. అమ్మడమొక్కటే ఆస్తిని తీసేయడానికి కారణం కాదు. ఇకమీదట దానివల్ల ఏ ప్రయోజనమూ రాదని తేలినా పుస్తకాల్లోంచి తీసేయాలని అకౌంటింగ్ స్టాండర్డ్ 10 చెబుతుంది.

ప్యానల్ వరుసను వదిలేసి ఉంటే ఏమయ్యేదో తర్వాత అంకెలతో చెబుతాను.

ఇక తేదీ. వ్యాపారి డిసెంబర్ 20న లక్ష రూపాయలు అడ్వాన్స్ ఇచ్చాడు. 31న బిల్లు రాసి, ఈ-వే బిల్లు తీసి, సరుకు ఎక్కించారు. మిగతా డబ్బు జనవరి 18న బ్యాంకుకు వచ్చింది. ఈ మూడింట్లో అమ్మకం తేదీ డిసెంబర్ 31. యంత్రం చేయి మారి, దాని మంచిచెడ్డలు కొన్నవాడి బాధ్యత అయిన రోజు అదే. అడ్వాన్స్ వచ్చిన రోజు అది కేవలం మనం ఇవ్వాల్సిన బాకీ. డబ్బు మొత్తం వచ్చిన రోజు మనకు రావాల్సింది వసూలైన రోజు, అంతే. ఇదే మార్చి చివర్లో జరిగి డబ్బు ఏప్రిల్‌లో వచ్చి ఉంటే, తేదీ తప్పుగా పెట్టడం వల్ల లాభనష్టం ఒక సంవత్సరం నుంచి ఇంకో సంవత్సరానికి జారిపోతుంది.

వ్యాపారి కొంత నగదు ఇస్తానన్నాడట. రెండు లక్షలు గానీ అంతకు మించి గానీ ఒక లావాదేవీకి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో నిషేధం ఉంది. విడతలుగా తీసుకున్నా ఆ నిషేధం తప్పదు. అంతా బ్యాంకు ద్వారానే తెప్పించారు.

తేదీ తేలాక ఆ రోజు వరకు తరుగుదల వేయాలి. మార్చి 31 నాటి పుస్తక విలువ తీసుకుని దాంతోనే నష్టం లెక్కగట్టేయడం రెండో పెద్ద తప్పు. కంపెనీల చట్టం 2013 షెడ్యూల్ 2 ప్రకారం, సంవత్సరం మధ్యలో అమ్మిన ఆస్తికి అమ్మిన తేదీ వరకు దామాషాగా తరుగుదల వేయాలి.

ఈ మిల్లు సరళ రేఖా పద్ధతి పాటిస్తుంది. సాధారణ యంత్రాలకు షెడ్యూల్ 2లో ఇచ్చిన జీవితకాలం 15 ఏళ్లు. చివర్లో మిగిలే విలువ ఖరీదులో 5 శాతం. 21,60,000లో 5 శాతం 1,08,000 పోతే 20,52,000. దాన్ని 180 నెలలకు పంచితే నెలకు 11,400. ప్యానల్‌ది కొంచెం వేరు. ప్యానల్‌ను జనరేటర్‌కు బిగించేనాటికి జనరేటర్ ఆయుష్షు 13 ఏళ్లే మిగిలింది. జనరేటర్ లేకుండా ఆ ప్యానల్‌కు పని లేదు కాబట్టి దానికీ 13 ఏళ్లే పెట్టారు. అది సరైన పద్ధతే. 1,56,000లో 5 శాతం 7,800 పోగా 1,48,200, దాన్ని 156 నెలలకు పంచితే నెలకు 950.

2024 మార్చి 31 నాటికి జనరేటర్‌కు 42 నెలల తరుగుదల 4,78,800, ప్యానల్‌కు 18 నెలలది 17,100, మొత్తం 4,95,900 పోగై ఉంది. ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా 9 నెలలకు నెలకు 12,350 చొప్పున ఇంకో 1,11,150 వేయాలి. అది వేశాక పోగైన తరుగుదల 6,07,050. మొత్తం ఖరీదు 23,16,000లోంచి అది తీసేస్తే, అమ్మిన రోజున పుస్తక విలువ 17,08,950.

నెలల లెక్కను ఎక్సెల్‌లో వేసేవాళ్లు ఒక చోట జారుతారు. బీ2లో ఖరీదు, బీ3లో కొన్న తేదీ, బీ4లో అమ్మిన తేదీ ఉన్నాయనుకోండి.

```
=DATEDIF(B3,B4+1,"m")
=ROUND(B2*95%/180*DATEDIF(B3,B4+1,"m"),0)
```

మొదటిది 51 ఇస్తుంది, రెండోది 5,81,400 ఇస్తుంది. ఆ `+1` లేకపోతే డిసెంబర్ 31ని నెల పూర్తి కానట్టు చూసి 50 నెలలే ఇస్తుంది. జనరేటర్ మీద 11,400, ప్యానల్ మీద 950 తగ్గుతాయి. ఇక్కడ తేదీలు నెల మొదట్లో, నెల చివర్లో పడ్డాయి కాబట్టి నెలలతో సరిపోయింది. నెల మధ్యలో అమ్మితే రోజుల లెక్క వేయాలి.

ఈ 1,11,150 వేయకుండా వదిలేస్తే ఏమవుతుంది? పుస్తక విలువ 18,20,100గా మిగులుతుంది, అమ్మకం నష్టం అంతమేర పెరుగుతుంది. ఆ సంవత్సరం నికర లాభం మాత్రం రూపాయి కూడా మారదు, ఎందుకంటే తరుగుదల తగ్గిన మేరకే నష్టం పెరుగుతుంది. అందుకే ఈ తప్పును చాలామంది పట్టించుకోరు. కానీ తొమ్మిది నెలలు జనరేటర్ వాడుకున్నందుకు అయిన ఖర్చు, అమ్మకంలో పోయిన సొమ్ము వేర్వేరు విషయాలు. బ్యాంకు వాళ్లు తరుగుదలను, అసాధారణ నష్టాలను విడివిడిగా చూస్తారు. కలిపేస్తే రెండు అంకెలూ తప్పవుతాయి.

ఈ జనరేటర్ చివరి రోజుదాకా నడిచింది కాబట్టి తేదీ విషయంలో చిక్కు రాలేదు. అదే సెట్టును నవంబర్‌లోనే ఆపేసి, అమ్మకానికని పక్కన పెట్టి ఉంటే, పక్కన పెట్టిన రోజుతోనే తరుగుదల ఆగుతుందని అకౌంటింగ్ స్టాండర్డ్ 10 అంటుంది. అక్కణ్నుంచి దాన్ని పుస్తక విలువ, అమ్మితే చేతికొచ్చే నికర విలువ రెంటిలో తక్కువ దాని దగ్గర చూపాలి. సీజన్ లేక ఊరికే ఆగి ఉన్న యంత్రానికి మాత్రం ఇది వర్తించదు. మే నెలలో జిన్నులు ఆగిపోయినా తరుగుదల నడుస్తూనే ఉంటుంది.

ఇక ఎంట్రీలు. ట్యాలీలో 'జనరేటర్ అమ్మకం ఖాతా' అని తాత్కాలికంగా ఒక లెడ్జర్ తెరిచాను. తీసేసేవన్నీ, వచ్చేవన్నీ ఇందులోకి తెచ్చి, చివర్లో మిగిలింది ఏ వైపుందో చూస్తే లాభమో నష్టమో అదే చెబుతుంది. నేరుగా ఒకే ఎంట్రీలో కూడా చేయొచ్చు. కానీ ఆరు నెలల తర్వాత ఆడిటర్ అడిగితే ఆ ఒక్క ఎంట్రీని విప్పి చెప్పడం కష్టం. ఈ ఖాతా తెరిచి చూపిస్తే చాలు.

మొదట `F7` జర్నల్‌లో తరుగుదల ఖర్చుకు డెబిట్, పోగైన తరుగుదలకు క్రెడిట్, 1,11,150. రెండోది, అమ్మకం ఖాతాకు డెబిట్, ఆస్తి ఖాతాకు క్రెడిట్, 23,16,000. ఇది ఖరీదు మొత్తం. పుస్తక విలువ కాదు, అమ్మిన ధర అంతకంటే కాదు. మూడోది, పోగైన తరుగుదలకు డెబిట్, అమ్మకం ఖాతాకు క్రెడిట్, 6,07,050. ఈ మూడో ఎంట్రీయే జనం ఎక్కువగా మరిచిపోయేది. తరుగుదల ఖాతా ఎప్పుడూ క్రెడిట్‌లోనే పెరగడం చూసి అలవాటైనవాళ్లకు దాన్ని డెబిట్ చేయడం తప్పేమో అనిపిస్తుంది. యంత్రమే పోయాక దాని అరుగుదల ఇంకా లెక్కలో ఎందుకుండాలి?

నాలుగోది అమ్మకం బిల్లు. వ్యాపారికి డెబిట్ 14,75,000, అమ్మకం ఖాతాకు క్రెడిట్ 12,50,000, సీజీఎస్టీ 1,12,500, ఎస్‌జీఎస్టీ 1,12,500. వ్యాపారి కట్టిన జీఎస్టీ మనది కాదు కాబట్టి అది లాభనష్టంలోకి రాకూడదు. 14,75,000ను అమ్మిన ధరగా తీసుకుని నష్టం తక్కువ చూపిన లెక్కలు నేను చూశాను. అయిదోది, సెట్టు విప్పి ఎక్కించడానికి క్రేన్ కిరాయి 30,000, మధ్యవర్తి కమీషన్ 20,000. ఈ 50,000 అమ్మకం ఖాతాకు డెబిట్. వీటిని మరమ్మతుల్లోనో కూలి ఖర్చుల్లోనో పడేస్తారు. లాభనష్టం లెక్కగట్టేది చేతికొచ్చిన నికర సొమ్ము మీద కాబట్టి అవి ఇక్కడికే రావాలి.

అమ్మకం ఖాతాలో ఇప్పుడు డెబిట్ వైపు 23,16,000, 50,000 కలిపి 23,66,000. క్రెడిట్ వైపు 6,07,050, 12,50,000 కలిపి 18,57,050. తేడా 5,08,950 డెబిట్‌లో మిగిలింది. అది నష్టం. 'ఫిక్స్‌డ్ అసెట్ అమ్మకంపై నష్టం' ఖాతాకు డెబిట్, అమ్మకం ఖాతాకు క్రెడిట్ చేస్తే ఆ ఖాతా సున్నా అయిపోతుంది. మరోవైపు నుంచి కూడా సరిచూసుకోవచ్చు. పుస్తక విలువ 17,08,950, నికరంగా వచ్చింది 12,00,000, తేడా అదే 5,08,950.

ఇప్పుడు మొదటి తప్పు ఎంట్రీకి తిరిగి వెళదాం. దాన్ని అలాగే ఉంచి ఉంటే ఆస్తి ఖాతాలో 23,16,000లోంచి 12,50,000 పోయి 10,66,000 మిగిలేది. పోగైన తరుగుదల 6,07,050 అలాగే ఉండేది. రెంటి తేడా 4,58,950 బ్యాలెన్స్ షీటులో జనరేటర్ పేరుతో కూర్చునేది. ఖర్చులు కాకుండా వచ్చిన నష్టం కూడా సరిగ్గా 4,58,950. అంటే నష్టం మాయం కాలేదు, ఆస్తి వేషంలో దాక్కుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. రిజిస్టర్‌లోని ఖరీదు కాలమ్‌లో 10,66,000 లాంటి అంకె కనిపిస్తే, దానికి తగిన కొనుగోలు బిల్లు ఏదీ ఫైల్‌లో ఉండదు. ఖరీదు కాలమ్‌లో ఉన్న ప్రతి అంకెకూ బిల్లు దొరకాలి. దొరకని అంకె ఉందంటే ఎవరో ధరను ఆస్తిలో క్రెడిట్ చేశారని అర్థం.

ప్యానల్‌ను వదిలేస్తే వచ్చే తప్పు ఇంకా మెల్లగా నడుస్తుంది. జనరేటర్ వరుస ఒక్కటే తీసేస్తే నష్టం 3,78,600గా వచ్చేది. 1,30,350 విలువైన ప్యానల్ పుస్తకాల్లో మిగిలి, ఇంకో 129 నెలలు నెలకు 950 చొప్పున తరుగుతూ ఉండేది. ఏ సంవత్సరమూ అంకె పెద్దగా కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు. ఏడాదికోసారి రిజిస్టర్ పట్టుకుని మిల్లంతా తిరిగి ఒక్కో వస్తువునూ కళ్లతో చూస్తేనే ఇలాంటివి బయటపడతాయి.

జీఎస్టీలో ఒక పోలిక తప్పక చేయాలి. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్న యంత్రం అమ్మితే, సీజీఎస్టీ చట్టం సెక్షన్ 18(6) ప్రకారం రెండు మొత్తాల్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఒకటి అమ్మిన ధర మీద పన్ను. రెండోది, తీసుకున్న క్రెడిట్‌లోంచి బిల్లు తేదీ నుంచి ప్రతి మూడు నెలలకు, లేదా అందులో భాగానికి, 5 శాతం చొప్పున తగ్గించగా మిగిలింది. జనరేటర్‌కు 51 నెలలంటే 17 త్రైమాసికాలు, 85 శాతం పోయింది, 3,60,000లో 15 శాతం 54,000 మిగిలింది. ప్యానల్ మీద తీసుకున్న క్రెడిట్ 28,080. దానికి 9 త్రైమాసికాలు, 45 శాతం పోగా 15,444. రెండూ కలిపి 69,444. అమ్మిన ధర మీద పన్ను 2,25,000 దానికంటే ఎక్కువ కాబట్టి బిల్లులో వేసిందే చాలు.

ఎప్పుడూ ఇలాగే ఉండదు. ఇదే జనరేటర్‌ను, ప్యానల్ చేర్చకముందు, సరిగ్గా ఏడాదికే 12,50,000కు అమ్మి ఉంటే మిగిలిన క్రెడిట్ 80 శాతం, 2,88,000. బిల్లు పన్నుకంటే 63,000 ఎక్కువ. ఆ తేడా మిల్లు చేతినుంచే పడుతుంది, అమ్మకం నష్టంలోనే కలుస్తుంది. కొత్త యంత్రాన్ని తక్కువకు వదిలించుకునేటప్పుడు ధర మాట్లాడుకోకముందే ఈ లెక్క వేసుకోవాలి. అయిదేళ్లు దాటితే రెండో మొత్తం సున్నా, కాబట్టి అప్పుడు పోలిక అక్కర్లేదు.

ఇంకొకటి. ఈ 12,50,000 జీఎస్టీ రిటర్నుల్లో అమ్మకంగా వెళ్తుంది, కానీ లాభనష్టాల ఖాతాలో దూది, గింజల అమ్మకాల్లో కలవకూడదు. నష్టమైతే ఖర్చుల్లో, లాభమైతే ఇతర ఆదాయంలో రావాలి. అందుకే సంవత్సరాంతంలో పుస్తకాల టర్నోవర్‌కూ రిటర్నుల టర్నోవర్‌కూ 12,50,000 తేడా వస్తుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో అప్పుడే ఒక వర్కింగ్ షీటు మీద రాసిపెట్టాను. వార్షిక రిటర్ను వేసేనాటికి ఎవరికీ గుర్తుండదు.

ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం పైన చేసినదంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. అక్కడ విడి యంత్రం అంటూ ఉండదు, 15 శాతం రేటున్న యంత్రాలన్నీ ఒకే బ్లాకు. పుస్తకాల్లో చూపిన 5,08,950 నష్టాన్ని ముందు లాభానికి తిరిగి కలపాలి, పుస్తకాల్లో వేసిన తరుగుదలను కూడా కలపాలి. తర్వాత బ్లాకులోంచి అమ్మిన ధర 12,50,000 తీసేయాలి. ఈ మిల్లు బ్లాకు ఏడాది మొదట్లో 62,00,000. ధర తీసేస్తే 49,50,000, దానిమీద 15 శాతం 7,42,500. కొత్త జనరేటర్ 180 రోజుల కంటే తక్కువ వాడారు కాబట్టి దానికి సగం రేటుతో విడిగా వేశాం. 2024-25కు వర్తించే 1961 చట్టంలో అమ్మిన ధర బ్లాకు మొత్తాన్ని మించితేనో, బ్లాకులో ఒక్క ఆస్తీ మిగలకపోతేనో సెక్షన్ 50 కింద స్వల్పకాలిక మూలధన లాభనష్టం వస్తుంది. మిల్లు నడుస్తుండగా ఒక జనరేటర్ అమ్మితే సాధారణంగా అది రాదు. అంటే పుస్తకాల్లో అయిదు లక్షల నష్టం కనిపించినా, పన్నులో అది ఈ ఏడాది ఒక్కసారిగా తగ్గదు. బ్లాకులో మిగిలిపోయి, రాబోయే ఏళ్ల తరుగుదలగా కొంచెం కొంచెంగా వస్తుంది. మిల్లు యజమానికి ఇది చెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది. అడ్వాన్స్ ట్యాక్స్ కట్టేముందే చెప్పి ఉండాల్సింది, ఎందుకంటే ఆ నష్టం చూసుకుని ఆయన తక్కువ కట్టే ఆలోచనలో ఉన్నారు.

ఆయన అడిగిన ఇంకో ప్రశ్న న్యాయమైనది. బాగానే అమ్మాం కదా, అంత నష్టం ఎందుకొచ్చింది? జనరేటర్‌కు 15 ఏళ్ల ఆయుష్షు పెట్టి నాలుగేళ్ల చిల్లరకే అమ్మేశారు. మొదటి నాలుగేళ్లలో తరుగుదల నెమ్మదిగా పడింది, బజారు ధర మాత్రం వేగంగా పడింది. ఆ తేడా అంతా అమ్మిన రోజున ఒక్కసారిగా బయటికొచ్చింది. లెక్క తప్పేమీ లేదు. కాకపోతే ఈ మిల్లు ఇంతకుముందు సెట్టును కూడా ఆరేళ్లలోపే మార్చింది. అలవాటు అదే అయినప్పుడు కొత్త సెట్టుకు 15 ఏళ్లు పెట్టడం నాకు సరిగా అనిపించలేదు. షెడ్యూల్ 2లో ఇచ్చిన దానికంటే వేరే జీవితకాలం తీసుకోవచ్చు, దానికి సాంకేతిక ఆధారం ఉండాలి, నోట్సులో కారణం చెప్పాలి. నడిచే గంటలు, ఓవర్‌హాల్ ఎన్ని గంటలకు వస్తుంది అన్న కాగితాలు సర్వీసు వాళ్ల దగ్గర తీసుకుని కొత్త సెట్టుకు 8 ఏళ్లు ప్రతిపాదించాం. ఆడిటర్ ఒప్పుకున్నారు.

మార్చి 31న ఫిక్స్‌డ్ అసెట్ షెడ్యూల్ వేసేటప్పుడు ఈ జనరేటర్ అయిదు గడుల్లో కనిపించాలి. ఖరీదు వైపు ఆరంభ నిల్వలో 23,16,000, డిస్పోజల్స్ గడిలో అదే 23,16,000. తరుగుదల వైపు ఆరంభ నిల్వలో 4,95,900, ఈ ఏడాది తరుగుదలలో 1,11,150, డిస్పోజల్స్ గడిలో 6,07,050. రెండు వైపులా దాని ముగింపు నిల్వ సున్నా రావాలి. తరుగుదల వైపు డిస్పోజల్స్ గడి ఖాళీగా ఉండి ఖరీదు వైపు నిండి ఉంటే మూడో ఎంట్రీ మరిచారని, ఖరీదు వైపు 12,50,000 ఉంటే ధరను ఆస్తిలో క్రెడిట్ చేశారని చూడగానే తెలిసిపోతుంది. నేను ఏ మిల్లు లెక్కలు కొత్తగా చేతిలోకి తీసుకున్నా మొదట తిప్పేది ఈ పేజీయే.

జనరేటర్ బ్యాంకు హైపోథికేషన్‌లో ఉంది. అమ్మకానికి బ్యాంకు ఒప్పుకుంటూ ఇచ్చిన ఉత్తరం, అమ్మకం బిల్లు, ఈ-వే బిల్లు, క్రేన్ రసీదు, రిజిస్టర్‌లోని రెండు వరుసల నకలు ఒకే ఫైల్‌లో పెట్టాం. అగ్ని ప్రమాద బీమా పాలసీ జాబితాలో పాత సెట్టు ఇంకా ఉంది. దాన్ని తీయించి కొత్తది ఎక్కించమని జనవరి మొదటి వారంలో ఉత్తరం రాశాం. అదే రోజు రిజిస్టర్‌లో రెండు వరుసల ఎదురుగానూ అమ్మిన తేదీ, బిల్లు నంబరు రాయించాను.